శుక్రవారం పోయిన పద్దెనిమిది వేలు

ఆదోని మార్కెట్ యార్డు గేటుకు ఎదురుగా ఉన్న వరసలో దేవేంద్రప్పది మూడో అంగడి. గోనె సంచులు, తాళ్ళు, పత్తి మీద కప్పే టార్పాలిన్ పట్టలు అమ్ముతాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. యార్డులో వేలంపాట ఆగినా దేవేంద్రప్ప బేరం మాత్రం ఆగదు. చిన్నప్పుడు ఇదే యార్డులో చిరిగిన గోనెలు దబ్బనంతో కుట్టినవాడు. ఆ తర్వాత మూటలు మోశాడు, ఆ తర్వాత అంగడి పెట్టాడు. ఈ మూడు ముక్కలూ రోజుకొకసారైనా ఎవరో ఒకరికి చెప్పకపోతే ఆయనకు అన్నం సయించదు.

ఆయనకొక పట్టింపు ఉంది. శుక్రవారం నాడు చేతి నుంచి పైసా బయటికి పోనివ్వడు. లక్ష్మి గడప దాటిపోతుందని భయం. ఆ వరసలో అందరికీ ఈ పట్టింపు కొద్దో గొప్పో ఉంది గానీ, వాళ్ళు అవసరాన్ని బట్టి చూసీ చూడనట్టు పోతారు. దేవేంద్రప్ప అట్లా కాదు. శుక్రవారం తాగిన టీకి శనివారం డబ్బులిస్తాడు. పక్క అంగడి శేషన్న ఒక శుక్రవారం ఎవరికో చేబదులు ఇవ్వబోతే, పరిగెత్తుకుంటూ పోయి చెయ్యి పట్టుకుని ఆపి, అరగంట ధర్మం బోధించి వచ్చాడు. సొంత డబ్బు సరే, పక్కవాడి లక్ష్మికి కూడా ఆయనే కాపలా.

పత్తి సీజను మొదలయ్యే ముందు ఒక గురువారం సాయంత్రం ఆయన, భార్య హులిగెమ్మ అంగట్లో కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంటు సరిచూసుకుంటున్నారు. ఆమె చదువుతుంది, ఆయన తన పుస్తకంలో టిక్కు పెడతాడు. అంతా సాఫీగా నడుస్తుండగా ఆమె ఒకచోట ఆగింది.

"ట్రాన్స్‌ఫర్ అని పద్దెనిమిది వేలు పోయిండాది సూడు."

"ఎవరికి?"

"పేరు లేదు. ఏవో అంకెలుండాయి."

దేవేంద్రప్ప పుస్తకం ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. అట్లాంటి లెక్క ఎక్కడా లేదు. తర్వాత తేదీ అడిగి, గోడ మీది క్యాలెండరు దగ్గరికి పోయి వేలు పెట్టి చూశాడు. చూసి ఎగిరి గంతేశాడు.

"శుక్రారం! మే, అది శుక్రారం! శుక్రారం నేను మా యమ్మ అడిగినా ఇయ్యను. ఇది నాది కాదు!"

"మెసేజి వచ్చింటాది గదప్పా, సూసుకోలేదా?"

వచ్చే ఉంటుంది. అప్పు ఇస్తాం రండి అని రోజూ వచ్చే పనికిమాలిన మెసేజీలతో పాటు దాన్నీ తుడిచేసి ఉంటాడు. ఆ సంగతి ఆయన పైకి ఒప్పుకోలేదు.

పద్దెనిమిది వేలు పోయిన బాధ ఒకటైతే, దాని వెనక ఇంకొకటి ఉంది. ఎమ్మిగనూరులో పట్టల హోల్‌సేల్ వ్యాపారి సామ్సన్‌కు ఆయన బుధవారమే నలభై వేలకు చెక్కు రాసి ఇచ్చాడు. సోమవారం వేసుకుంటానని సామ్సన్ చెప్పాడు. ఖాతాలో ఉన్నది ఇరవై ఆరు వేల నాలుగు వందలు. పద్దెనిమిది వేలు ఉండి ఉంటే దిగులే లేదు. చేతిలో ఉన్న నగదంతా సరుకు మీద పెట్టేశాడు. ఒకప్పుడు మూటలు మోసే తనను నమ్మి మొదటిసారి అప్పుకు సరుకిచ్చింది సామ్సన్ నాయన. "నీ మొకం సూసి ఇస్తాండా" అన్నాడట ఆ పెద్దాయన. అప్పటి నుంచి ఇప్పటిదాకా దేవేంద్రప్ప ఇచ్చిన చెక్కు ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆయనకున్న ఆస్తి అంతా కలిపినా ఆయన దృష్టిలో ఆ పేరుకు సాటి రాదు.

ఆ రాత్రే మేనేజరు గారికి ఉత్తరం రాశాడు. నాలుగు పేజీలు వచ్చింది.

శుక్రవారం బ్యాంకు తలుపు తెరవగానే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ లోపల ఉన్నారు. ఫిర్యాదుల బల్ల దగ్గర అశ్విని అనే ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. పత్తికొండ పిల్ల, కొత్తగా వచ్చింది. ఉత్తరం తీసుకుని చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీలో దబ్బనం, గోనెలు. రెండో పేజీలో మూటలు. మూడో పేజీలో సామ్సన్ నాయన, ఆయన మంచితనం, ఆయన పోయినప్పుడు ఎంతమంది వచ్చిందీ. నాలుగో పేజీ అంతా శుక్రవారం మాహాత్మ్యం.

"బాగా రాసినారన్నా," అంది నవ్వు ఆపుకుంటూ. "అకౌంటు నంబరు యాడుంది?"

దేవేంద్రప్ప పెళ్ళాం వైపు చూశాడు. హులిగెమ్మ కిటికీ వైపు చూసింది. నాలుగు పేజీల్లో అది తప్ప అన్నీ ఉన్నాయి.

అశ్విని ఒక తెల్లకాగితం ఇచ్చి ఏమేం కావాలో చెప్పింది. ఖాతా నంబరు, పోయిన తేదీ, ఎంత పోయింది, స్టేట్‌మెంటులో దాని పక్కన ఉన్న రెఫరెన్సు నంబరు, ఇది నేను చేసింది కాదు అని ఒక మాట, విచారించి ఆ తేదీ నుంచే లెక్కకట్టి తిరిగి జమ చేయండి అని ఒక మాట. కింద సంతకం, ఫోన్ నంబరు. స్టేట్‌మెంటు జిరాక్సులో ఆ వరస కింద గీత గీసి జతచేయాలి.

"అంతేనా? దబ్బనం సంగతి?"

"వద్దన్నా."

"సామ్సన్ వాళ్ళ నాయన?"

"ఆయన్నీ వదిలేయండి."

సొంత బతుకును సొంత చేత్తో కోసుకుంటున్నట్టు దేవేంద్రప్ప మళ్ళీ రాశాడు. అన్నీ వదులుకున్నాడు గానీ ఒక్క వాక్యం దగ్గర మొండికేశాడు. "శుక్రవారం నా ఖాతా నుండి ఎట్టి పరిస్థితుల్లోనూ రూపాయి కూడా బయటికి పంపరాదని మనవి." అట్లాంటి ఏర్పాటు బ్యాంకులో లేదని అశ్విని చెప్పింది. నా సాక్ష్యం అదొక్కటే తల్లీ, ఉండనీ అన్నాడు. ఆమె ఉత్తరం తీసుకుంది. రెండో కాపీ మీద ముద్ర కొట్టి, తేదీ వేసి ఇచ్చింది. డబ్బు పోయిన రోజు వోచరు వెతికించాలి, మేనేజరు చూడాలి, రెండు మూడు రోజులు పట్టొచ్చు అంది.

"సోమారం లోపల రావాల మేడమ్. ఒక చెక్కు ఉంది."

ఆమె కంప్యూటరులో చూసింది. ముఖం మారింది.

"నలభై వేలదేనా? అది ఈ పొద్దే వచ్చిందన్నా. ఇప్పుడు చెక్కులు ఏ రోజుకారోజే తేలిపోతాయి. సాయంత్రం లోపల మేము పాస్ చేస్తామో, వాపస్ పంపిస్తామో చెప్పేయాల."

సామ్సన్‌కు ఏ తొందర వచ్చిందో, ముందే వేసేశాడు. తక్కువ పడేది పద్నాలుగు వేల లోపే. దేవేంద్రప్ప బయటికి పరిగెత్తి శేషన్నకు ఫోన్ చేశాడు.

"శేషన్నా, పద్నాలుగు వేలు చేబదులియ్యప్పా. రేపే ఇచ్చేస్తా."

"ఈ పొద్దు శుక్రారం గదప్పా," అన్నాడు శేషన్న. "నువ్వే గదా నా చెయ్యి పట్టుకొని సెప్పింది. అప్పట్నుంచి నేనూ నిష్ఠగా ఉండాను."

ఇంకో ఇద్దరికి చేశాడు. ఆ వరసలో నిష్ఠ లేనివాడు ఒక్కడూ మిగల్లేదు. తన ధర్మబోధ ఇంత బాగా పండిందని ఆయనకు అంతవరకూ తెలియదు. ఫోన్ జేబులో పెట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సామ్సన్ ముందు రేపు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి? వాళ్ళ నాయన చూసి నమ్మిన ముఖమే కదా ఇది.

మధ్యాహ్నం దాటాక అశ్విని లోపలికి పిలిచింది. చేతిలో పాత వోచరు ఉంది. వోచరు మీది సంతకం చూపించింది. అది వంకరలు లేకుండా ఇంగ్లీషులో ఉంది. దేవేంద్రప్పది తెలుగు సంతకం, పైగా మెలికల తాడు.

"ఈయన కూడా దేవేంద్రప్పే అన్నా. పశువుల దాణా వ్యాపారం. ఎవరికో పద్దెనిమిది వేలు పంపమని ఆయన రాసిచ్చిన కాగితం ఇది. ఖాతా నంబర్లో మీకూ ఆయనకూ ఒక్క అంకె తేడా. ఆ పొద్దు కౌంటర్లో ఉన్నాయన ఆ అంకె తప్పు కొట్టినాడు. పేరు సరిపోయిందని సంతకం సరిగ్గా చూడలేదు. తప్పు మాదే."

"ఆయప్ప ఖాతాలో దుడ్లు తగ్గలేదు గదా, ఆయప్పన్నా వచ్చి అడగలేదా?" అన్నాడు దేవేంద్రప్ప.

"ఎవరు వచ్చి అడుగుతారన్నా నా డబ్బు ఎందుకు తగ్గలేదని?" అంది అశ్విని.

మేనేజరు సంతకం చేశాడు. దాణా దేవేంద్రప్ప ఖాతాకు ఖర్చు రాసి, పట్టల దేవేంద్రప్ప ఖాతాకు పద్దెనిమిది వేలూ ఆ పాత తేదీ నుంచే లెక్కొచ్చేటట్టు తిరిగి జమచేశారు. తెరమీద నలభై నాలుగు వేల నాలుగు వందలు కనబడగానే దేవేంద్రప్ప దణ్ణం పెట్టాడు. దేవుడికో అశ్వినికో ఆయనకే తెలియదు.

"ఇంక చెక్కు పాస్ అయిపోతుంది," అంది అశ్విని. అని, ఉత్తరం తీసి కింది వాక్యం మీద వేలు పెట్టింది. "మరి ఇదేం చేయమంటారు? శుక్రవారం రూపాయి పంపరాదని రాసి సంతకం పెట్టినారే. పాస్ చేస్తే మీ మాట తప్పినట్టు, చేయకపోతే చెక్కు వాపస్."

ఆమె ఆటపట్టిస్తోందని హులిగెమ్మకు తెలిసిపోయింది. దేవేంద్రప్పకు తెలియలేదు. అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కున్నాడు.

"రేపు పాస్ చేస్తే కాదా తల్లీ?"

"కాదన్నా. ఈ పొద్దే."

దేవేంద్రప్ప కాగితం తన వైపు తిప్పుకున్నాడు. గొంతు మొదటిసారి చిన్నదైంది.

"లక్ష్మి అలిగితే కాళ్ళు పట్టుకోనైనా తెచ్చుకోవచ్చమ్మా. పేరు పోతే యాడ తెచ్చుకునేది," అన్నాడు. పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాడు. కొట్టేసిన చోట పక్కన మళ్ళీ సంతకం పెట్టాలని ఆమె చెబితే మెలికల తాడు ఇంకొకటి అల్లాడు.

వాళ్ళు బ్యాంకు బయటికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఫోన్ మోగింది. ఈసారి మెసేజి తుడవకుండా పూర్తిగా చదివాడు. నలభై వేలు పోయాయి. శుక్రవారం, పొద్దు గూకకముందే, ఆయన ఎరుకలోనే. ఏ పిడుగూ పడలేదు. ఆయన ఒకసారి ఆకాశం వైపు చూసుకున్నాడు కూడా.

మెట్ల కింద ఉచ్చీరమ్మ అనే ముసలామె గంపలో కనకాంబరాలు పెట్టుకుని మూరలు కొలుస్తోంది. హులిగెమ్మ అక్కడ ఆగి మొగుడి ముందు చెయ్యి చాపింది.

"నలభై రూపాయలియ్యి."

"మే, శుక్రారం!"

"నలభై వేలు పోయినంక నలభై రూపాయలకా అలిగేది లక్ష్మి?" అంది ఆమె. ఆమె గొంతులో నవ్వు లేదు. "పెండ్లయినకాడ్నుంచీ శుక్రారానికి ముందునాడు బేస్తారం కొన్న పూలే పెట్టుకుంటాండా. దేవుని పటానికీ అవే, నా తలకీ అవే. పొద్దునకు వాడిపోతాయి. నీకెప్పుడన్నా కానొచ్చిందా?"

కనబడలేదు. ఇన్నేళ్ళుగా ప్రతి శుక్రవారం ఎదురుగా తిరుగుతున్న మనిషి తలలో ఏముందో ఆయన చూడలేదు. దేవేంద్రప్పకు సిగ్గేసింది. ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. నోటు తీసి ఉచ్చీరమ్మకు ఇస్తూ గంపలోకి తొంగి చూశాడు.

"అవి గాదవ్వా, కింద తడిగుడ్డలో ఉండేవి తియ్యి," అన్నాడు. "రెండు మూరలు."