సీజను సిమ్‌కు వచ్చిన నంబరు

బంగారుపాళ్యం దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఏడాదిలో మూడు నెలలే నడిచేది. ఆ మూడు నెలలూ ఆఫీసు ధనంజయది. మే నెల వస్తుందనగానే యజమాని రఘునాథ్ ఆఫీసుకని ఒక కొత్త సిమ్ కొనిచ్చేవాడు. ఆగస్టులో మిషన్లు కడిగి తాళం వేసేటప్పుడు ఆ సిమ్ ఏ సొరుగులోనో పడిపోయేది. దాన్ని మళ్ళీ వెతికినవాళ్ళు లేరు. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఆఫీసులో ఉన్న ధనంజయకు అది తప్పని ఎన్నడూ తోచలేదు.

2015 ఏప్రిల్ చివర్లో, గుజ్జు కొనే దుబాయి వ్యాపారి ఫోన్ చేసి, మీకు పంపిన ఈమెయిళ్ళన్నీ వెనక్కి వస్తున్నాయన్నాడు. ధనంజయ తెల్లారగానే చిత్తూరు బస్సెక్కి పల్లవి ఇంటర్నెట్ సెంటరుకు పోయినాడు. ఫ్యాక్టరీ వెబ్‌సైటు చేసింది ఆ అమ్మాయే.

పల్లవి చూసి నుదురు పట్టుకుంది. "డొమైన్, అంటే మన సైటు పేరు, గడువు అయిపోయి నెల కావస్తా ఉండాది సార్. సైటూ మెయిలూ రెండూ ఆ పేరు మీదే గదా, రెండూ ఆగిపోయినాయి. మనమే రెన్యూ చేసుకోవాలంటే ఈ పొద్దే ఆఖరు. రేపట్నుంచి కాగితాలు, అర్జీలు. అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు."

"ముందే చెప్పరా ఆ పేరు అమ్మినోళ్ళు?"

"చెప్పినారు, ఆఫీసు మెయిలుకు. సీజను లేనప్పుడు అది తెరిసేదెవరు?"

సీజను కొనుగోలుదార్లందరి దగ్గరా ఉన్నది ఆ ఒక్క చిరునామానే.

పేరు అమ్మిన కంపెనీలోని ఖాతా పాస్‌వర్డు ఆయన మరిచిపోలేదు. పేర్లూ పుట్టినరోజులూ లేకుండా పదహారు అక్షరాలతో పెట్టమని పోయిన సీజనులో పల్లవే చెప్పింది. ఆయన వారం రోజులు వల్లించి నోటికి పెట్టుకున్నాడు. కొట్టగానే తలుపు తెరుచుకుంటుందనుకున్నాడు. తెర మీద ఇంకో గడి వచ్చింది. 41తో ముగిసే ఫోనుకు ఆరంకెల కోడు పంపినాము, ఇక్కడ కొట్టండి అని.

"పాస్‌వర్డు సరిపోయింది గదమ్మా! మళ్ళీ ఇదేంది?"

"ఎవరైనా పాస్‌వర్డు దొంగిలించినా లోపలికి రాకూడదని మనమే పెట్టుకున్నాం సార్. ఆ ఫోన్ యాడుంది?"

"పోయినేటి సీజను సిమ్ అది."

పల్లవి తెర మీద ఇంకో మీట చూపించింది. ఫోన్ లేకుంటే మెయిలుకు లంకె పంపే దారి కూడా ఉంది. దాన్ని నొక్కితే, ఆ లంకె ఫ్యాక్టరీ మెయిలుకే పోతుందని తేలింది. పేరు బతికితేగాని మెయిలు రాదు. మెయిలు వస్తేగాని పేరు బతకదు. ధనంజయ దాన్ని రెండుసార్లు మనసులో తిప్పుకుని, ఎక్కడ మొదలుపెట్టినాడో మరిచిపోయినాడు.

"పది కోడ్లు ప్రింటు తీసిచ్చినాను గదా, ఫోన్ పోతే పనికొస్తాయని?"

"గుట్టుగా పెట్టమన్నావు. గుట్టుగానే పెట్టినా. యాడ పెట్టినానో తెలీడంల్యా."

చివరికి ఆయనే 41 నంబరుకు ఫోన్ చేసినాడు. అవతల ఎవరో ఎత్తినారు.

"ఎవురప్పా?"

"ఈ నంబరు ముందు మాదన్నా. మీరెవరు?"

"గురప్ప. కాణిపాకంలో టెంకాయలంగడి. మీదైతే నాకెట్టొచ్చింది? దుడ్డిచ్చి కొన్నా సామీ."

వాడకుండా పడున్న నంబరును కంపెనీ ఇంకొకరికి ఇచ్చేసిందని పల్లవి గుసగుసగా చెప్పింది. మెసేజీలో అంకెలుంటాయి, చదవమని ధనంజయ బతిమాలినాడు. గురప్ప పెండ్లాన్ని పిలిచి చదివించినాడు. తప్పన్నది తెర. ఈలోపల కంగారులో ధనంజయ మళ్ళీ పంపమన్న మీటను రెండుసార్లు నొక్కేసి ఉన్నాడు.

"కొత్తది పంపితే పాతది చెల్లదు సార్! ఇంక నొక్కద్దండి. ఇంకో రెండు తప్పులైతే రేపటిదాకా తలుపు మూసేస్తాది."

"అమ్మా, మెసేజీలు ఎన్నుండాయి?" ధనంజయ ఫోనులో గురప్ప పెండ్లాన్ని అడిగినాడు.

"మూడుండాయన్నా. ఒకే తీరుగుండాయి. ఏది చదవాల?"

"కడాన వచ్చింది."

"కడాన అంటే పైదా, కిందదా?"

ధనంజయకు తన ఫోనులో ఎట్లుంటుందో కూడా గుర్తు రాలేదు. టైము చూసి చదవమని పల్లవే అందుకుంది. అవతల ఎవరో టెంకాయల బేరమాడుతున్నారు. ఆరంకెలు ఒక్కొక్కటే వచ్చినాయి. ఆయన ఒక్కొక్కటే కొట్టినాడు. ఖాతా తెరుచుకుంది. రఘునాథ్ ఇచ్చి పంపిన కార్డుతో పల్లవి ఐదేండ్లకు రెన్యూ చేసింది. సైటూ మెయిలూ తిరిగి రావడానికి ఒక రోజు పట్టొచ్చంది.

లంకె వచ్చే రికవరీ మెయిలు ఫ్యాక్టరీ పేరు మీద కాకుండా బయటిది పెట్టింది. పది కోడ్లు కొత్తవి రెండు కాపీలు తీసి, ఒకటి రఘునాథ్ ఇనప్పెట్టెకు, ఒకటి ధనంజయ ఇంటికని రెండు కవర్లలో పెట్టింది. ఫోను నంబరు అడిగితే ఆయన జేబులోంచి ఈ ఏటి సీజను సిమ్ తీసినాడు.

"సార్!"

ఆయన సిగ్గుపడి దాన్ని దాచి, రఘునాథ్ సొంత నంబరు చెప్పినాడు. నంబరు మార్చాలంటే పాతదానికి ఇంకో కోడు పోతుందంది తెర. మళ్ళీ గురప్పే.

ఈసారి అంకెలు చెప్పినాక గురప్ప ఫోన్ పెట్టేయలేదు. "ఏమన్నా, అడిగిందల్లా చెప్పేసినా. చెప్పొచ్చా ఇట్లాంటివి?"

ధనంజయ ఆ అంకెలు కొట్టినాడు, నంబరు మారింది. తన పని అయింది. అయినా అవి చెప్పించుకున్నది తానే.

"చెప్పకూడదన్నా," అన్నాడు. "ఇంకెవురడిగినా చెప్పొద్దు. రేపు నేనడిగినా."