దానిమ్మ గింజ మీద నింద

బట్టలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పందొమ్మిదేళ్లుగా కాంటీన్‌లో పళ్లు కోసిపెడుతోంది కాబట్టి అందరికీ పళ్లక్కే. దానిమ్మకు పైన కిరీటం చుట్టూ గాటు పెట్టి, నిలువునా పైపైన గీతలు గీసి, చేత్తో విప్పేది. ముక్కల్ని నీళ్ల గిన్నెలో ముంచి వేళ్లతో రాలుస్తుంటే గింజలు అడుక్కి దిగేవి, తెల్లపొర పైకి తేలేది. పొరను తీసి పారేసి, ఎర్రటి గింజలు కప్పుల్లో నింపేది.

ఒక మంగళవారం పద్నాలుగో మెషీన్ మీద కుట్టే అమ్మాయి నడుము పట్టుకుని కూలబడింది. నొప్పి వీపు నుంచి పొత్తికడుపులోకి దిగుతోందని మెలికలు తిరిగిపోయింది. ఆమెను ఆసుపత్రికి పంపాక సూపర్‌వైజర్ కాంటీన్ కప్పుల వంక చూశాడు.

"గింజలతో సహా మింగింది కదా! అపెండిక్స్‌లో ఇరుక్కుని ఉంటాయి. ఆ తెల్లపొర కూడా విషమేనట."

మర్నాడు పొద్దున కాంటీన్ గోడ మీద నోటీసు వెలిసింది. దానిమ్మ గింజలు మింగరాదు, తెల్లపొర విషపూరితం, ఇకపై వడగట్టిన రసం మాత్రమే. కింద మేనేజర్ సంతకం. నోటీసు చదివాక పళ్లక్కకు ఒళ్లు మండింది. కత్తి పక్కన పెట్టి తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్లింది.

"ఇది ఏ డాక్టరు చెప్పాడు సార్?"

"అందరికీ తెలిసిన విషయమేనమ్మా."

"నాకు తెలీదు. పందొమ్మిదేళ్లుగా ఈ చేత్తోనే పెడుతున్నా. డాక్టరు చెప్తే రేపే మానేస్తా. ఊరికే మాట అంటే మాత్రం ఊరుకోను."

"వెళ్లి రసం తీయి. పెద్ద మాటలొద్దు."

"తీయను సార్."

ఆ మధ్యాహ్నం ఆమె రసం తీయలేదు. ఎప్పటిలాగే గింజలు వలిచి కప్పుల్లో పెట్టింది. ఆడవాళ్లు నోటీసు వంక, కప్పుల వంక చూస్తూ నిలబడ్డారు. ఒక్కరూ చెయ్యి చాపలేదు. పళ్లక్క మొహం చిన్నబోయింది. అన్ని కప్పులూ అలాగే మిగిలాయి.

సాయంత్రం పని అయ్యాక ఆసుపత్రికి వెళ్లింది. పద్నాలుగో మెషీన్ అమ్మాయి మంచం మీద కూర్చుని నవ్వింది.

"అక్కా, గింజ కాదంట, రాయంట! మూత్రనాళంలో. స్కానింగ్‌లో కనపడింది."

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మను పళ్లక్క వదల్లేదు. "అమ్మా, దానిమ్మ గింజ మింగితే ఏమైనా అవుతుందా?"

"ఏమీ కాదు. గుజ్జుతో పాటు నమిలి తినొచ్చు, మింగినా పర్వాలేదు. గట్టి గింజ అరక్కపోతే పీచులా బయటికి పోతుంది. చంటిపిల్లలకు మాత్రం గొంతులో అడ్డం పడొచ్చు, అలా ఇవ్వకూడదు. పేగు సన్నబడినవాళ్లూ, మలబద్ధకం బాగా ఉన్నవాళ్లూ గింజలు ఎక్కువ తినకూడదు."

"మరి తెల్లపొర?"

"చేదుగా, వగరుగా ఉంటుంది. అందుకే తీసేస్తాం. విషం కాదు. గింజకు అంటుకుని కాస్త లోపలికి పోయినా భయం లేదు." డాక్టరమ్మ అమ్మాయి వైపు తిరిగింది. "నువ్వు నీళ్లు ఎందుకు తాగవు? రాళ్లు పెరగడానికి అదీ ఒక కారణమే."

అమ్మాయి తలదించుకుంది. "తాగితే బాత్‌రూమ్‌కి లేవాలి. లేస్తే సూపర్‌వైజర్ అరుస్తాడు మేడమ్."

"గింజల గురించి, పొర గురించి చెప్పిందంతా ఓ కాగితం మీద రాసివ్వండమ్మా," అంది పళ్లక్క.

మర్నాడు భోజనాల వేళ, రెండు వందల మంది చూస్తుండగా ఆ కాగితాన్ని నోటీసు పక్కనే అంటించింది. దానిమ్మ విప్పి, ఒక గింజల గుత్తిని పొరతో సహా నోట్లో వేసుకుంది. చేదుకు మొహం చిట్లించి మరీ నమిలింది.

"చేదుగా ఉంది, అంతే! పద్నాలుగో మెషీన్ పిల్ల నడుం పట్టుకుంది దీనివల్ల కాదు. మనల్ని బాత్‌రూమ్‌కి లేవనివ్వకపోతే నీళ్లెలా తాగుతాం? ఆ తప్పుకి పండు మీద నిందా?"

మూలనున్న ముసలి టైలరమ్మ లేచి ఒక కప్పు తీసుకుంది. ఆమె వెనక మరో నలుగురు లేచారు. కొద్దిసేపటికే కప్పులన్నీ ఖాళీ అయ్యాయి.

మేనేజర్ గదికి పిలిపించాడు. "క్షమాపణ రాసివ్వు, ఈసారికి వదిలేస్తా."

"నేను రాసేది ఒకటే సార్. మీ నోటీసు తప్పని. అదైతే ఇప్పుడే రాస్తా."

ఆమెను వారం రోజులు పనిలోంచి ఆపేశారు. ఆ వారమంతా ఆడవాళ్లు మెషీన్ల మీద నీళ్ల సీసాలు బాహాటంగా పెట్టుకుని, అవసరమైనప్పుడు జట్టుగా లేచి వెళ్లారు. ఒకరి మీదైతే అరవొచ్చు, ఇరవై మంది మీద సూపర్‌వైజర్ ఎలా అరుస్తాడు? నోటీసు ఎప్పుడు మాయమైందో ఎవరూ చూడలేదు. క్షమాపణ అన్న మాట మేనేజర్ నోట్లోంచి రాలేదు. పళ్లక్కా అడగలేదు.

ఎనిమిదో రోజు పొద్దున్నే ఆమె గేటు దాటి లోపలికొచ్చింది. డాక్టరమ్మ కాగితం గోడ మీదే ఉంది, ఒక మూల ఊడితే మళ్లీ అద్దింది. పద్నాలుగో మెషీన్ అమ్మాయి ఎదురొచ్చి, "పొరతో పెడతావా అక్కా?" అంది.

"పెడతా గానీ, నువ్వే ఉమ్మేస్తావు," అంటూ పళ్లక్క కత్తి అందుకుంది.