నాలుగు దెబ్బల మాట

బెత్తం మాస్టారి క్లాసులో నల్లబల్లకు పైన గోడ మీద ఎర్రరంగుతో ఒక మాట రాసి ఉండేది: "దెబ్బకు దడుపు, దడుపుకు చదువు." అది ఆయన సొంత కవిత్వం. లెక్క తప్పితే చెయ్యి చాపి ఆ మాట పైకి చదవాలి. పదానికో దెబ్బ. నాలుగో పదానికి బెత్తం ఆయన చెవి వెనకదాకా వెళ్లి వచ్చేది. దేవుడు ఆయనకు లెక్కలు ఇచ్చాడు, జాలి ఇవ్వడం మరిచిపోయాడు.

ఇంగ్లీషు టీచరు ఆయన తమ్ముడి భార్య. ఆ ఉద్యోగం ఆయన చలవే. అందుకే పక్క క్లాసులోంచి బెత్తం చప్పుడు వినబడ్డప్పుడల్లా ఆమె గొంతు పెంచి పాఠం చెప్పేది. కిందటి వారం ఆ నాలుగో దెబ్బ ఆమె కూతురి చూపుడువేలు విరగ్గొట్టింది.

"సొంత పిల్ల కదా బావగారూ!" అందామె ఏడుస్తూ.

"ఇంటి పిల్లని వదిలేస్తే బయటివాళ్లు నన్ను లెక్కచేస్తారామ్మా?"

భర్త అయితే తన అన్నగారి మాటకు ఎదురు చెప్పే రకం కాదు. "సర్దుకో" అన్నాడు. ఆ మాటకి ఆమెకు ఒళ్లు మండిపోయింది. కానీ ఏం చేయగలదు?

ఇంతలో కొత్త గదులు కట్టించబోయే పరాయి దేశం దాతలు బడి చూడ్డానికి వస్తున్నారన్నారు. గోడ మీది మాటల కింద ఇంగ్లీషు కూడా ఉండాలన్నాడు హెడ్మాస్టరు. ఆమె సిగ్గుతో మెత్తగా "డిసిప్లిన్ లీడ్స్ టు నాలెడ్జ్" అని రాసిచ్చింది. మాస్టారు చదివి ముఖం చిట్లించాడు.

"ఇందులో దెబ్బేదీ? నా మాట ఇలా చప్పగా ఉంటుందా?" బెత్తంతో బల్ల మీద కొట్టి చూపించాడు. "నాలుగు. రెండోది మూడోది ఒకే మాట. చివరిది గట్టిగా పడాలి. ఇంగ్లీషులోనూ అలాగే పడాలి."

పాపిష్టివాడే గానీ చెవి మాత్రం చక్కనిది. ఇంటికి వచ్చాక ఆమె మళ్లీ కూర్చుంది. "పనిష్మెంట్" అంటే తోక పొడుగు. "లెర్నింగ్" అంటే చివర్న కిందికి జారిపోతుంది, విరుచుకుపడదు. ద-ద అనే మోత ఇంగ్లీషులో కుదరలేదు, బదులుగా ఫ-ఫ దొరికింది. దెబ్బకి ఫిస్ట్, అంటే పిడికిలి, పెట్టింది. దడుపుకి ఫ్రైట్ సరిగ్గా సరిపోయింది. చదువుకి లైట్, అంటే వెలుగు, పెట్టింది. అర్థం కాస్త పక్కకి జరిగినా ఊపు నిలిచింది: "ఫిస్ట్ టు ఫ్రైట్, ఫ్రైట్ టు లైట్." నడుమ మాట వెనక్కి తిరిగొచ్చింది, చివర్న ప్రాస కుదిరింది. సరిచూసుకోవడానికి బల్ల మీద వేలితో తట్టుతూ పైకి చదివింది.

పక్కన అన్నం తింటున్న కూతురు కంచం వదిలేసి కట్టులేని ఎడమచెయ్యి చాపింది. కళ్లు గట్టిగా మూసుకుంది. ఆ పిల్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఊపు మాత్రం అర్థమైంది.

ఆమె కాగితం చింపబోయింది. చింపలేదు. ఊపు పోతే మాటలో ఏముంది, ఉట్టి సుద్ద! ఊపు ఉంటే దాతల ముందు పిల్లల చేతులే సాక్ష్యం చెబుతాయి. ఒక్క అక్షరం మార్చకుండా ఇచ్చేసింది. మాస్టారు మురిసిపోయి తనే గోడకెక్కించాడు.

దాతలు వచ్చారు. వాళ్లలో పెద్దావిడ గోడ చదవబోయి మొదటి మాట దగ్గరే ఆగింది. "పిల్లలతో చదివించమ్మా" అన్నాడు మాస్టారు దర్జాగా. టీచరు మొదలుపెట్టింది. "ఫిస్ట్ టు ఫ్రైట్..." పిల్లలంతా అందుకున్నారు. రెండో ఊపుకి క్లాసంతా అరచేతులు చాపేసింది. నాలుగో ఊపుకి భుజాలన్నీ ఒక్కసారి ముడుచుకున్నాయి. ముందు వరసలో కట్టుకట్టిన వేలు కూడా ఉంది.

"చేతులు దించండి!" అరిచాడు మాస్టారు. దించలేదు. పైకి లేచిన చెయ్యి దెబ్బ పడందే దిగకూడదని నేర్పింది ఆయనే. ఒళ్లు తెలియని కోపంతో దగ్గరున్న పిల్లాడి మీద బెత్తం ఝళిపించాడు. టీచరు అడ్డం పడింది. దవడ చీలి, రక్తం చీర మీదికి కారింది.

"నన్ను బజారుకీడుస్తావా!" అంటూ మళ్లీ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. నాలుగోది పడేలోపు హెడ్మాస్టరు ఆయన మణికట్టు పట్టుకున్నాడు. మాస్టారు మళ్లీ ఆ బడిలో అడుగు పెట్టలేదు. భర్త నెల్లాళ్లు మాట్లాడలేదు. ఆమె కూడా బతిమాలలేదు.

గోడకి సున్నం కొట్టించారు. కుట్లు మానాక ఆమె ఆ క్లాసుకి ఒక ఇంగ్లీషు పాట నేర్పబోయింది, వాన మీద చిన్న పాట. పాదానికి నాలుగు ఊపులు. నాలుగో ఊపు వచ్చేసరికి బల్లల మీదికి అరచేతులు లేచాయి.

ఆమె గబుక్కున ఆపేసింది. తర్వాత ఆ పాటలో పాదానికో మాట కొట్టేసి, మూడు ఊపులకు మార్చి, మొదటినుంచి మొదలుపెట్టింది.