ఎండాకాలపు జలుబు

మా అత్తగారింట్లో మా ఆయనకు పదేళ్ళపాటు జలుబు చేసింది. నవ్వకండి. కళ్ళు ఎర్రబడితే జలుబు, గొంతు బొంగురుపోతే జలుబు, పొద్దెక్కినా మంచం దిగకపోతే జలుబు. ఉదయగిరిలో మే నెల ఎండకు కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి. అప్పుడు కూడా మా ఇంట్లో ఒక మనిషికి జలుబే. "ఏందమ్మా, నీ కొడుకు కనపళ్ళేదే?" అని ఎవరైనా అడిగితే మా అత్త కొంగు సర్దుకుని "జలుబు చేసిండాది" అనేది. అడిగినవాళ్ళకూ తెలుసు, చెప్పినావిడకూ తెలుసు. సారాయి అనే మాట మాత్రం మా గడప లోపల ఎవరి నోటా రాకూడదు. ఐదు పూటలా నమాజు చదివే ఇల్లు మాది. తాగడం ఒక తప్పయితే, దాన్ని పేరు పెట్టి పిలవడం అంతకంటే పెద్ద తప్పయి కూర్చుంది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది నాకు.

మాది కొయ్య చెంచాలు చెక్కే ఇల్లు. ఆయన నర్ది చెక్కను బాడిసతో దిద్ది, ఆకురాయితో రాసి చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేసేవాడు. పిడి మీద గడులు గడులుగా సన్నటి జాలీ కోసేవాడు. చివరి పని నాది, గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయడం. పెళ్ళయిన కొత్తలో, అంటే డెబ్భై మూడు, డెబ్భై నాలుగు ప్రాంతంలో, ఆయన చేతి నుంచి వచ్చిన చెంచాకు నేను రుద్దాల్సింది పెద్దగా ఉండేది కాదు. "నిన్ను ఊరికే కూర్చోబెడితే బద్ధకం నేర్పించినానంటారని కాగితం ఇచ్చినా" అని నన్ను ఏడిపించేవాడు. మంచి మనిషి. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. చెడ్డవాడి మీద ఇంత కోపం రాదు, మూట సర్దుకుని పుట్టింటికి పోతాం.

శనివారం శనివారం ఆయన సరుకు మూటగట్టుకుని ఆత్మకూరుకు పోయి, అక్కడ ఒక కొట్లో వేసి వచ్చేవాడు. మొదట్లో తిరుగు బస్సు ఎక్కే ముందు ఒకే ఒక్క గ్లాసు. ఆ ఒక్క గ్లాసుకే ముఖం కందిపోయేది. బస్సులో నిద్రపోతే కండక్టరు తట్టి లేపాల్సి వచ్చేది. ఏడాది తిరిగేసరికి శనివారానికి బుధవారం తోడయింది. ఆత్మకూరు దాకా ఎందుకు, ఊళ్ళోనే దొరుకుతుంది కదా. తర్వాత రోజూ పని ముగిశాక. ఇక్కడే అందరం మోసపోయాం. గ్లాసులు పెరిగేకొద్దీ మత్తు పైకి కనపడటం తగ్గింది. ఒక్క గ్లాసుకు తూలినవాడు మూడింటికి కూడా తిన్నగా నడిచేవాడు. అది చూసి మా ఆడబిడ్డ మొగుడు "బావ తాగినా తెలీదబ్బా, గట్టి పిండం!" అని మెచ్చుకునేవాడు. మెచ్చుకోవడమంట! ఒళ్ళు దానికి అలవాటుపడి ఇంకా ఇంకా అడుగుతోందని అర్థం చేసుకోవాల్సింది పోయి, దానికి శభాష్ ఒకటి.

ఎవరికి తెలియకపోయినా నా వేళ్ళకు తెలుసు. గురువారం పూట చేతికొచ్చిన చెంచా గిన్నె ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా ఉండేది. ఫోర్కు పళ్ళలో ఒకటి పొట్టిగా వచ్చేది. జాలీలో గడులు ఒకదాంట్లోకి ఒకటి జారేవి. నేనేం చేశాను? రుద్దాను. మందం ఉన్న చోట అరగదీశాను, పొట్టి పన్నుకు సమానంగా మిగతా వాటిని తగ్గించాను. కొట్టువాడికి తెలియకుండా, అత్తకు తెలియకుండా, చివరికి ఆయనకే తెలియకుండా సరిచేసి పంపించాను. మా అత్తను తిడుతున్నాను గానీ, ఆవిడ నోటితో జలుబు అంటే నేను చేతులతో అన్నాను.

ఒకసారి నోరు తెరిచాను. బక్రీదు రోజు, ఇంటినిండా చుట్టాలు. విస్తర్ల ముందు కూర్చున్నారు. అప్పటికే ఆయన రెండుసార్లు పెరట్లోకి పోయి వచ్చాడు. మూడోసారి లేవబోతుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. "పండగ పూట కూడా ఆ తాగుడు మానలేరా? ఇంత తాగుబోతయితే ఎట్లా?" అనేశాను. అంతే. కూర గిన్నె గోడకు తగిలింది. "అందరి ముందర నన్ను తాగుబోతంటావా? నీకు తక్కువేం చేసినా నేను?" అని ఆయన. "నువ్వు బాగా చూసుకుంటే వాడెందుకు పోతాడు?" అని మా ఆడబిడ్డ. ముసలి చుట్టం ఒకావిడ నా చెయ్యి పట్టుకుని "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాది, బిడ్డా" అని హితబోధ. ఆహా! తాగిన నోటిది తప్పు లేదు, అడిగిన నోటిది తప్పు. ఆ పూట నుంచి పదకొండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు, తాగుడు మాత్రం ఒక గ్లాసు పెరిగింది. నాతో పోట్లాడటం కూడా తాగడానికి ఒక సాకయింది కదా.

ఆ తర్వాత మూడేళ్ళు నోరు కట్టేసుకున్నాను. ఆ మూడేళ్ళలోనే పొద్దుటి గ్లాసు మొదలయింది. లేవగానే చేతులు వణికేవి. టీ గ్లాసు పట్టుకుంటే సగం కింద ఒలికేది. పెరట్లోకి పోయి వచ్చాక వణుకు ఆగేది, అప్పుడు బాడిస పట్టేవాడు. ఒకనాడు చూశానని తెలిసి "చెయ్యి నిలవాల గదా" అన్నాడు. ఏ చేతిని సారాయి వణికించిందో ఆ చేతినే సారాయితో నిలబెడుతున్నాడు. పైగా ఆయన దగ్గర ఒక పెద్ద సాక్ష్యం ఉంది. "రంజాన్ నెలంతా ముట్టను, చూస్తాండావు గదా. అలవాటైనోడు మానగలడా?" అనేవాడు. నిజమే, మునుపు మానేవాడు. నెల మొత్తం మాని, పండగ మర్నాడు వడ్డీతో సహా తాగేవాడు.

ఎనభై అయిదో ఎనభై ఆరో, రంజాన్ నడి ఎండల్లో వచ్చింది. ఎప్పటిలాగే నెలవంక కనపడగానే మానేశాడు. మొదటి రోజే ఒళ్ళంతా చెమటలు, కూర్చోలేడు, నిలబడలేడు, కునుకు లేదు. "రోజాలో నీరసం" అంది మా అత్త. రెండో రోజు మధ్యాహ్నం చెక్క మీదికి వంగినవాడు వంగినట్టే పక్కకు పడిపోయాడు. కళ్ళు పైకి తిరిగాయి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి, నోట్లో నురగ. వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. ఒకరు తాళాలు చేతిలో పెట్టమన్నారు, ఒకరు ఉల్లిపాయ నూరమన్నారు. రిక్షాలో వేసుకుని డాక్టరు దగ్గరికి పోయాం.

"ఎండలో తిరిగినాడా?" అడిగాడు డాక్టరు.

"రోజా సార్. ఒక్క పొద్దు. రెండు దినాలుగా జలుబు కూడా ఉండాది" అంది మా అత్త.

డాక్టరు ఎండదెబ్బకు మందు రాయడానికి కాగితం లాక్కున్నాడు. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మనిషి చస్తున్నా జలుబేనా! "జలుబు కాదు సార్. ఏళ్ళుగా రోజూ సారాయి తాగుతాడు. పొద్దున కూడా. మొన్న మాపటేళ నుంచి చుక్క ముట్టలేదు" అన్నాను. మా అత్త దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయింది. డాక్టరు రాస్తున్న కాగితం చించి పారేశాడు.

"ఈ మాట ముందే చెప్పాలమ్మా" అన్నాడు. రోజూ తాగే ఒళ్ళు ఒక్కసారిగా ఆపితే ఇలా ఫిట్స్ వస్తాయని, చూసుకోకపోతే ప్రాణమే పోతుందని చెప్పాడు. ఇంజెక్షన్ ఇచ్చి మూడు రోజులు తన దగ్గరే ఉంచుకున్నాడు. మాత్రలు ఎక్కువగా మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గించాడు. "మళ్ళీ మొదలుపెడితే మాత్రం ఇంట్లో కట్టేసి మాన్పించొద్దు, నా దగ్గరికి తీసుకరండి. తిట్టి లాభం లేదు. తాగి ఉన్నప్పుడు ఏం చెప్పినా చెవికెక్కదు" అని నాతో విడిగా చెప్పాడు.

మళ్ళీ మొదలుపెడితే అన్నాడు కదా, మొదలుపెట్టాడు. పండగైన నెలకు, ఒక శనివారం, ఒక్క గ్లాసు. మళ్ళీ ఆత్మకూరు బస్సే! రెండు శనివారాలు చూశాను. నెత్తిన నోరు పెట్టుకుని అరవాలనిపించింది. అరిస్తే ఏమవుతుందో బక్రీదు నాడే చూశాను. నోరు కట్టేసుకుంటే ఏమవుతుందో రిక్షాలో చూశాను.

అందుకని ఆ రెండో శనివారం నుంచి నేను రుద్దలేదు. ఆయన ఇచ్చిన చెంచాలన్నీ ఇచ్చినవి ఇచ్చినట్టే తట్టలో వేశాను. మంగళవారం పొద్దున, చేతిలో వణుకు లేని వేళ, అత్త బావి దగ్గర ఉండగా, ఆయన ముందు గుడ్డ పరిచి వరసగా పేర్చాను. చివర్లో మా పెళ్ళయిన ఏడాది ఆయన నా కోసం చేసిన గరిటె పెట్టాను. వంటింట్లో ఇన్నేళ్ళు వాడినా దాని అంచు చెదరలేదు.

"ఏందిది?" అన్నాడు.

"మీరే చూడండి. ఇన్నేళ్ళూ మీ చేతి తప్పులు నేను రుద్దేసినాను. మీకు చెప్పలేదు, అది నా తప్పు. ఇంక రుద్దను."

"మళ్ళా మొదలుపెట్టినావా?" అని గొంతు పెంచాడు. నా గొంతు కూడా లేచి వచ్చింది, మింగాను.

"తాగుబోతని అనడం లేదు. ఆ రోజు రిక్షాలో మీ తల నా ఒళ్ళో ఉండాది. చచ్చిపోయినారనుకున్నా. నాకు భయం. రెండు శనివారాల నుంచి మళ్ళీ భయంగా ఉండాది. అంతే చెప్పాలనుకున్నా."

ఇంకా చాలా మాటలు నాలుక చివర ఉన్నాయి. పదేళ్ళ మాటలు. పళ్ళ బిగువున ఆపాను. ఆయన ఒక్కో చెంచా తీసి, అంచు మీద బొటనవేలు నడిపించి కింద పెట్టాడు. ఒక ఫోర్కు దగ్గర ఆగాడు. మూడో పన్ను సగమే ఉంది.

"ఇది నేను చేసిందా?" అన్నాడు.

"మొన్న ఆదివారం."

ఆ ఫోర్కును చేతిలోనే పెట్టుకుని తల వంచుకున్నాడు. అప్పుడే మా అత్త బిందెతో లోపలికొచ్చింది. కొడుకు తల వంచుకుని ఉండటం చూసి, నా వైపు ఉరిమి చూసి, బిందె దించి వంటింట్లోకి పోయింది. కాసేపటికి మిరియాల కషాయం తెచ్చింది.

"తాగు నాయనా. మళ్ళా జలుబు చేసినట్టుండాది."

ఆయన గ్లాసు అందుకోలేదు. "అమ్మీ," అన్నాడు, "జలుబు కాదు. సారాయి. శనివారం డాక్టరు దగ్గరికి పోతాండా. సరుకు నీ కోడలు ఎత్తుకపోతాది ఆత్మకూరుకు."

ఒక్కసారితో అయిపోలేదు. ఇంకో రెండుసార్లు జారాడు, రెండుసార్లు డాక్టరు గడప ఎక్కాం. జారిన సంగతి ఆయనే వచ్చి చెప్పాడు, నా వేళ్ళు వెతుక్కోవాల్సిన పని పడలేదు.

ఆ రోజు మా అత్త గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. పదేళ్ళుగా మోసిన మాట కాళ్ళ దగ్గర పడిపోయిందాయె, పాపం ఏం చేస్తుంది. ఆ గ్లాసు తీసుకుని నేనే తాగేశాను. మిరియాలు ఎక్కువై గొంతు మండింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అప్పుడే పక్కింటావిడ గోడ మీది నుంచి తొంగిచూసి "ఏందే, ఏడస్తాండావా?" అని అడిగింది.

"లేదక్కా," అన్నాను, "జలుబు."