కాటన్ రైక గెలిచిన పెండ్లి

నాకు ఓడిపోవడం చేతకాదు. రాయచోటిలో పదహారేళ్ళుగా రైకలు కుడుతున్నాను. కొలత తప్పిందని ఎవరైనా అంటే, కొలత కాదు నీ ఒళ్ళే పెరిగిందని మొహం మీదే చెప్పి పంపేదాన్ని. పనిమంతురాలికి ఆమాత్రం పొగరు ఉంటుందిలే అని ఊళ్ళో వాళ్ళు సరిపెట్టుకున్నారు. ఆ పొగరు ఒక పిల్లను ఏం చేసిందో చెప్తాను.

రెండేళ్ళ కిందటి మే నెల. అంగడి ముందు నీళ్ళు చల్లుతుంటే ఒకామె వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి మాట్లాడింది.

“మా పాప పెండ్లమ్మా. రైకకు ఏ గుడ్డ తీసుకోవాల్నో తేల్చేదానికి మద్దేనం మా వదిన వస్తాది. ఆయమ్మ కొడుక్కే ఇస్తాండాము.”

అంటే పిల్లకు మేనత్తే అత్తగారు. బాగానే ఉందిగా, సొంతవాళ్ళే కదా అన్నాను. ఆమె నవ్వలేదు.

“పాపకు శానా చెమట పడ్తాది. అరిచేతులు, చంకలు కారిపోతాయి. డాక్టరుకు చూపిచ్చినాము. రోగం కాదు, కొందరి ఒంటితీరే అంత అన్న్యాడు. మా వదినోళ్ళు వేంపల్లెలో ఉంటారు, ఆయమ్మకు తెలీదు. తెలిస్తే పెండ్లి ఆపదు గానీ, బతికినన్నాళ్ళు ఎత్తిపొడుస్తాది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడ్తాదంటారు, అయినా నీకు చెప్పకపోతే ఎట్ల? ఏదో ఒక సాకు చెప్పి కాటన్ తీసుకునేట్ల చెయ్యి తల్లీ.”

“నా నోట్లో నువ్వుగింజ నానుతుందిలే, పో” అని నవ్వి పంపించాను.

మధ్యాహ్నం ముగ్గురూ వచ్చారు. అత్త కుర్చీ లాక్కొని ఫ్యాన్ కింద కూర్చుంది. తల్లి గోడకు ఆనుకుంది. పిల్ల చున్నీ చివర్లు రెండు పిడికిళ్ళలో బిగించుకొని నిలబడింది. వాళ్ళు తెచ్చిన చీర ధర్మవరం పట్టు, ముదురాకుపచ్చ, ఎర్ర అంచు. రైక ముక్క చీరలోనే ఉంది.

“పట్టుకు పట్టే. లేకుంటే జార్జెట్. తేలిగ్గా గాలాడుతాది” అంది అత్త.

నేను నెమ్మదిగానే మొదలుపెట్టాను. పట్టు ఒంటికి బిగించి కుట్టిన చోట తడి తగిలితే మచ్చ తేలుతుంది, ఆరినా అంచు కనబడుతుంది. తడిసిన పట్టు మీద లాగుడు పడితే చంక దగ్గర కుట్టు పక్కన పోగులు జరుగుతాయి. జార్జెట్ చేతికి తేలికే. కానీ ఇప్పుడు అంగళ్ళలో దొరికేది ఎక్కువగా పాలిస్టరు, అది తడిని పీల్చదు, ఒంటికి అతుక్కుంటుంది. పైగా పలచన కాబట్టి లోపల లైనింగ్ వేయక తప్పదు. ఇక గాలి ఎక్కడ ఆడుతుంది? అందుకే మాట ఇలా ముగించాను: రైక ఒళ్ళంతా ముదురెరుపు కాటన్, లోపల మెత్తటి మల్లు గుడ్డ, చంకల్లో మార్చుకునే కాటన్ ప్యాడ్లు, చంక దగ్గర కాస్త వదులు. చీరలో వచ్చిన పట్టు ముక్క నుంచి అంచు తీసి చేతులకు వేస్తాను. పైట వేశాక కనబడేది ఆ చేతులే.

నాకే ముచ్చటేసింది ఆ ఆలోచన. నిజం చెప్పాలంటే అంతకంటే మంచి దారి ఆ ఎండల్లో లేదు.

అత్త నవ్వింది. “పెండ్లికూతురికి కాటన్ రైకా? కలుపు తీసేదానికి పోతాందా?”

మూడు పీలికలు తీసుకొని ఒక్కోదాని మీద నీటిచుక్క వేశాను. కాటన్ తాగేసింది. జార్జెట్ మీద చుక్క అట్లాగే కూర్చుంది. పట్టు మీద నల్లటి మచ్చ తేలింది. ఆమె వంగి చూడనైనా లేదు.

“నీ అంగట్లో మిగిలిపోయిన కాటన్ గుడ్డ మాకు అంటగట్టల్లని సూస్తాండావు. కూలోళ్ళ రైకలు కుట్టేదానివి, నీకు పట్టు సంగతి ఏం తెలుసే? మా పాప ఏసీ మండపంలో కూసుంటాది. నీళ్ళు పోసుకుంటాదా?”

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆమె అన్నదాంట్లో చివరి మాట ఒక్కటే నా చెవిలో మిగిలింది. నీళ్ళు పోసుకుంటుందా అట. నా దగ్గర జవాబు ఉంది. ఆ జవాబు నాది కాదని ఆ క్షణంలో గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది. అయినా ఆగలేదు.

“చెయ్యి పైకెత్తు పాపా” అన్నాను, కొలతకు చెప్పినట్టే.

పిల్ల అలవాటుగా ఎత్తేసింది. చంక నుంచి నడుము దాకా చుడీదారు తడిసి నల్లగా ఉంది. దించబోతుంటే మోచెయ్యి పట్టుకున్నాను. రెండో చేతి పిడికిలి విప్పి, పట్టు పీలిక అరిచేతికి అద్ది అత్త ముందు పెట్టాను.

“ఇది సూడు. కుర్చీలో కూసున్నా నీళ్ళు పోసుకుంటాది. ఇప్పుడు చెప్పు, పట్టా కాటనా?”

తల్లి కళ్ళు మూసుకుంది. పిల్ల నావైపు చూసింది. ఏడవలేదు. చెయ్యి మాత్రం దించలేదు, దించమని నేను చెప్పలేదు కాబట్టి.

అత్త ఆ పీలికను రెండు వేళ్ళతో పట్టుకొని ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత పిల్ల తల్లి వైపు, పిల్ల వైపు తీరిగ్గా చూసింది.

“ఓహో. ఇదుండాదా లోపల. సరే, కాటనే కుట్టు” అంది.

గెలిచాను. వాళ్ళు పోయాక కుట్టాక ముడుచుకోకుండా మల్లు గుడ్డను ముందే బకెట్లో నానబెట్టాను. అప్పుడు కూడా నా మనసులో ఉన్నది పిల్ల కాదు, అత్త ఒప్పుకున్న మాట. సిగ్గుగా ఉంది రాయడానికి.

రైక అద్భుతంగా వచ్చింది. పెండ్లికి నన్నూ పిలిచారు, వెళ్ళాను. ఏసీ మండపమన్నారు గానీ జనం నిండేసరికి చల్లదనం ఏమూలకూ రాలేదు. తాళి కట్టారు, తలంబ్రాలు పోసుకున్నారు. అన్నాళ్ళు భయం మోసిన ఆ పిల్ల చంక దగ్గర ఒక్క మచ్చ లేదు. నేను మెడ నిక్కించి చూస్తున్నాను.

ఆడవాళ్ళు అక్షింతలు వేయడానికి వేదిక ఎక్కారు. అత్త నన్ను చూసి చెయ్యి ఊపి పైకి పిలిచింది. భుజం మీద చెయ్యి వేసి అందరికీ చూపించింది.

“ఈయమ్మే కుట్టింది. పనిమంతురాలంటే ఈయమ్మే. సూడండి!” అంటూ కోడలి మణికట్టు పట్టి చెయ్యి పైకెత్తింది. “మా కోడలికి కారే చెమటకు బిందె పెట్టల్ల. పొడిగా ఎట్లుండాదో సూడండి! చేత్తో తాకి సూడండి!”

ఇద్దరు నిజంగానే తాకి చూశారు. ఎవరో పకపకా నవ్వారు. పెండ్లికొడుకు పక్కకు జరిగి కూర్చున్నాడు. పసుపు తాడు మెడలో పడి గంట కాలేదు. ఆ పిల్ల ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి నేల చూపులు చూసింది. చెయ్యి ఎత్తించి చూపించడం అత్తకు నేర్పింది నేనే. నా రైక ఒక్క చుక్క బయటికి రానీయలేదు, అంతా నేనే బయటపెట్టాను.

వేదిక మీదే ముగ్గురు నా ఫోన్ నంబరు అడిగారు. ఇచ్చాను.

భోజనాలయ్యాక ముత్తైదువలను వరుసగా కూర్చోబెట్టారు. పిల్ల తల్లి తాంబూలం పళ్ళెం పట్టుకొని ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి, ఆకులు, వక్కలు, రైక గుడ్డ ఇస్తూ వచ్చింది. నా ముందుకొచ్చింది. నేను కొంగు పట్టాను. ఆమె నన్ను చూడనట్టు నటించలేదు, బాగా చూసింది. చూసి, పళ్ళెంతో నన్ను దాటి పక్కామెకు బొట్టు పెట్టింది.

పక్కామె కంగారుపడి, “ఈయమ్మకు పెట్టలేదే, మర్చిపోయినట్లుండావు” అని పిలవబోయింది. నేను ఆమె చెయ్యి పట్టి ఆపాను.

“నాకు ముందే పెట్టినారులే” అన్నాను.