డబ్బా దగ్గర ఒక రేటు, బిల్లులో ఒక రేటు

నిజామాబాద్‌లో బస్టాండుకు కొంచెం దూరంలో ఒక సహకార స్టోరు ఉండేది. డెబ్బైలలో నేను అందులో బిల్లు క్లర్కుగా ఆరేళ్లు పనిచేశాను. అప్పటికి ఊళ్లో కిరాణా దుకాణమంటే గల్లా పెట్టె ముందు నిలబడి కావలసింది అడగడమే. మా స్టోరులో మాత్రం సామాన్లు అరల్లో పేర్చి ఉండేవి. కావలసింది ఎవరికి వారే బుట్టలో వేసుకుని నా దగ్గరికి వచ్చేవారు. నేను రేట్ల పుస్తకం చూసి, కార్బన్ పెట్టి రెండు ప్రతుల బిల్లు రాసేవాణ్ణి. పక్క కౌంటరులో పైసలు కట్టి ముద్ర వేయించుకుంటే సామాను బయటికి వెళ్లేది.

ఆ రోజుల్లో ధరలు వారానికోసారి మారేవి. కొత్త రేట్ల కాగితం రాగానే చేయవలసిన పనులు రెండు. నా దగ్గరి పుస్తకంలో రేటు దిద్దాలి. అర మీది రేటు చీటీ మార్చాలి. రెండూ తలుపులు తెరవకముందే అయిపోవాలని మేనేజరు మాటిమాటికీ చెప్పేవాడు. "చీటీ మీద ఏది రాసుంటే గదే మనం ఇచ్చిన మాట. చీటీ మార్చుడు మరిస్తే ఆ రేటుకే ఇయ్యాలె" అనేవాడు. ఆ రెండు పనులూ నావే.

ఆ రోజు పొద్దున వనస్పతి రేటు పెరిగిందని కాగితం వచ్చింది. రెండు కిలోల డబ్బా పదమూడు రూపాయల నలభై పైసల నుంచి పద్నాలుగు తొంభైకి ఎక్కింది. నేను పుస్తకంలో దిద్దాను. చీటీ రాద్దామని లావుపాళీ కలం తీశాను కూడా. ఇంతలో ఎవరో చాయ్‌కి పిలిచారు. ఒక్క చీటీయే కదా, వచ్చి రాస్తానులే అనుకుని వెళ్లాను. తిరిగొచ్చేసరికి తలుపులు తెరిచారు, జనం వచ్చారు, నేను కౌంటరులో కూర్చుండిపోయాను.

పదకొండు గంటల వేళ ఒక పెద్దావిడ రెండు వనస్పతి డబ్బాలు, ఒక సబ్బు తెచ్చి నా ముందు పెట్టింది. అరవై ఏళ్లుంటాయి. బోధన్ దిక్కు చెరుకు, పసుపు పండించే రైతుల ఇంటి మనిషని మాటల్లో తెలిసింది. మనుమరాలి తొట్టెల పండుగకు సామాన్ల కోసం పొద్దున బస్సుకు వచ్చిందట. నేను బిల్లు రాస్తుంటే ఆమె నా కలం వైపే చూస్తూ నిలబడింది.

"ఆగు బిడ్డ. డబ్బకు ఎంతేసినవ్?"

"పద్నాలుగు తొంభై, అవ్వా."

"గాడ పదమూడు నలభై రాసున్నది. నేను సూసే తీసుకున్న."

చీటీ మార్చలేదని ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. "అవునవ్వా, పొరపాటు నాది" అంటే అయిపోయేది. ఆ ఒక్క మాట నా నోట రాలేదు. పొద్దుటి నుంచి ఆ డబ్బాలు ఇంకా కొందరికి కొత్త రేటుకే అమ్మాను. వాళ్లెవరూ అడగలేదు. ఇప్పుడు ఒప్పుకుంటే అదంతా బయటపడుతుంది, మేనేజరు అందరి ముందూ కడిగేస్తాడు అనిపించింది.

"నువ్వు వేరే దాని చీటీ చూసుంటవ్" అన్నాను.

"పైసలు ఇంక కట్టలేదు గద. ఇద్దరం పోయి సూద్దాం రా. ఉంటే నా మాట, లేకుంటే నీ మాట." ఆమె గొంతు పెంచలేదు. డబ్బాలు కౌంటరు మీదే ఉంచింది, కొంగుముడి విప్పలేదు.

ఆమె అడిగినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వెనక వరుసలో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. "నువ్వు ఈడనే ఉండు, నేను చూసొస్త" అని లేచాను. లోపలి అరల దగ్గరికి వెళ్లి పాత చీటీ లాగి జేబులో కుక్కుకున్నాను. జేబులోని లావుపాళీ కలంతో అక్కడే ఒక కొత్త చీటీ మీద పద్నాలుగు తొంభై రాసి తగిలించాను. తొందరలో తొమ్మిది దగ్గర సిరా ముద్దగా పడింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నా బతుకులో అంత త్వరగా ఏ పనీ చేయలేదు.

వచ్చి కూర్చుని, అందరికీ వినబడేటట్టు అన్నాను. "పోయి చూసుకో అవ్వా. పద్నాలుగు తొంభైయే ఉన్నది."

ఆమె వెళ్లింది. నేను కార్బన్ సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. వరుసలో ప్యాంటు వేసుకున్న ఒకాయన "సదువు రాకపోతే గిట్లనే, అంకెలు తెల్వయ్" అని నవ్వాడు. ఇంకొకాయన "జల్ది కానియ్యుండ్రి, మాకు పని లేదా" అన్నాడు. ఆమె తిరిగొచ్చేసరికి ఆ నవ్వు ఇంకా ఆగలేదు. ఆమె మొహం చిన్నబోయి ఉంది. తన కళ్లనే తాను నమ్మలేనట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదలలేదు. నా ఎదురుగా ఒక మనిషి తన మీద తాను నమ్మకం పోగొట్టుకుంటోంది, ఆ పని చేసింది నేను.

"నాకు అచ్చరాలు రావు అన్నా" అని ఆమె నవ్వినాయన వైపు తిరిగి చెప్పింది. "అంకెలొస్తయ్. పసుపు అమ్మనీకె ఇర్వయేండ్ల సంది మార్కెట్ యార్డుకొస్తున్న. అంకెలు రాకుంటే నన్ను ఎప్పుడో ముంచుతుండె." ఆ తర్వాత నాతో అంది. "మీ పెద్దసారును పిలువు."

"ఆయన పనిల ఉన్నడు."

"ఉండనియ్. నేను నిలబడ్త." తన డబ్బాలు, సబ్బు ఒక పక్కకు జరిపింది. "నా వెనకోళ్లయి రాయి. వాళ్లను ఆపుడెందుకు."

వరుసలో ఉన్న నలుగురికీ బిల్లులు రాశాను. ఆమె కౌంటరు పక్కనే కదలకుండా నిలబడింది. ఆ నలుగురిలో చివరిది ఒక టీచరమ్మ. తన బిల్లు తీసుకున్నాక, నన్ను అడగకుండా తానే లోపలికి వెళ్లి మేనేజరును పిలుచుకొచ్చింది.

మేనేజరు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నన్ను ఏమీ అడగలేదు. ఆమెనే అడిగాడు. "అమ్మా, మీరు ఏం చూసిండ్రు? ఎక్కడ చూసిండ్రు?"

"రా సారు, సూపిస్త."

ఇద్దరూ అర దగ్గరికి వెళ్లారు. నేనూ వెళ్లక తప్పలేదు. "గిదే జాగ. గీడనే పదమూడు నలభై ఉండె" అంటూ ఆమె చీటీ మీద వేలు పెట్టి చూపించింది. వేలు తీసేసరికి తొమ్మిది చెరిగిపోయి ఉంది. ఆమె వేలికొసకు నీలం సిరా అంటుకుంది. ఆమె ఆ వేలు చూసుకుంది. మేనేజరూ చూశాడు. తర్వాత ఇద్దరూ నా చేతుల వైపు చూశారు. నా చూపుడువేలికీ అదే సిరా.

"పాతది ఏది?" అన్నాడు మేనేజరు.

జేబులోంచి తీసి ఇచ్చాను. నలిగిపోయి ఉంది. ఆయన దాన్ని సాపు చేసి ఆమెకు చూపించాడు. "మీరు చూసింది నిజమే అమ్మా."

ఆమె గెలిచినట్టు నవ్వుతుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. పైకొంగుతో కళ్లు తుడుచుకుంది. "నాకు కండ్లు మసకలొచ్చినయేమో అనుకున్న సారు" అంది. నా వైపు తిరిగింది. "మూడు రూపాయలు నాకు బరువు గాదు బిడ్డ. నలుగుట్ల నన్ను అబద్ధాలదాన్ని జేస్తివి."

ముగ్గురం కౌంటరుకు తిరిగొచ్చాం.

మేనేజరు నాతోనే మొదటి బిల్లు రెండు ప్రతుల మీదా 'రద్దు' అని రాయించి, కింద సంతకం చేశాడు. డబ్బాకు పదమూడు నలభై చొప్పున కొత్త బిల్లు రాయించాడు. అప్పటికి వరుసలోకి కొత్తవాళ్లు చేరారు. వాళ్లు వింటుండగానే అన్నాడు. "రేటు తేడా కనబడితే ఈ అమ్మలెక్కనే చేయుండ్రి. పైసలు కట్టకముందే చెప్పుండ్రి. సామాన్ ఇక్కడనే పెట్టి, మా మనిషిని వెంటబెట్టుకొని పోయి చీటీ చూపెట్టుండ్రి. వినకుంటే నన్ను పిలువుండ్రి." అప్పుడే ఒక ఫిర్యాదు పుస్తకం తెప్పించి కౌంటరు మీద దారంతో కట్టించాడు. మొదటి ఫిర్యాదు ఆమెదే. ఆమె చెబుతుంటే ఆయనే రాశాడు. ఆమె వేలిముద్ర వేసింది.

అందరూ వెళ్లాక నన్ను గదిలోకి పిలిచాడు. "చీటీ మరుచుడు ఎవనికైనా అయితది. దాచినవ్ చూడు, గది ఎట్ల మాఫ్ చెయ్యాలె?" అన్నాడు. పొద్దుటి నుంచి ఎన్ని డబ్బాలు అమ్మావని అడిగి కార్బన్ ప్రతులు తిప్పించాడు. ఆమెవి కాక అయిదు డబ్బాలు తేలాయి. బిల్లుల మీద పేర్లు ఉండవు కాబట్టి కొన్నది ఎవరో తెలియదు. గుర్తున్నవాళ్లకైనా తేడా తిరిగిచ్చి రమ్మన్నాడు.

నాకు ఒక్కరే గుర్తున్నారు. మా గల్లీలోనే బీడీలు చుట్టే అక్క. సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లాను. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలకు దారం కడుతోంది. రూపాయిన్నర చేతిలో పెట్టి, పొద్దున బిల్లులో నా పొరపాటు జరిగిందని చెప్పాలి. దారంతా ఆ మాటే అనుకుంటూ వెళ్లాను. తీరా ఆమె మొహం చూసేసరికి నోట వేరే మాట వచ్చింది.

"స్టోరోళ్లు తగ్గించిండ్రు అక్కా. నీకు ఇచ్చి రమ్మన్నరు."

"నీ కడుపు సల్లగుండ తమ్మీ! పొద్దంత పని జేసి ఇంటి దాకొచ్చి ఇచ్చినవా" అంటూ ఆమె చేతులెత్తి దీవించింది. ఆ దీవెన తీసుకుని ఇంటికి వచ్చాను. పెద్దావిడ సంగతి తర్వాత రోజుల్లో స్నేహితులకు చెప్పగలిగాను. ఈ అక్క సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె మాత్రం నా మంచితనం గురించి గల్లీలో ఎన్నోసార్లు చెప్పింది. విన్నప్పుడల్లా నేను పక్క సందులోకి తిరిగేవాణ్ణి.

నెల దాటాక పెద్దావిడ మళ్లీ వచ్చింది. అప్పటికి రెండో బిల్లు కౌంటరు పెట్టారు. అక్కడ ఒక్కరూ లేరు. నా దగ్గర వరుస ఉంది. ఆమె అక్కడికే పోవాలని లోపల్లోపల మొక్కుకున్నాను. ఆమె నా వరుసలోనే నిలబడింది. తన వంతు రాగానే సామాన్లు ఒక్కొక్కటే పెడుతూ, అర మీద చూసొచ్చిన రేటు పైకి చెప్పింది. నేను పుస్తకంలో చూసి రాశాను. ఒక్క పైసా తేడా రాలేదు.

"ఆ కౌంటరు ఖాళీగ ఉన్నది గదా అవ్వా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఎర్కే. నీకైతే యాదుంటదని ఇటొచ్చిన."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. అప్పుడైనా తప్పైందని అనవలసింది. పక్కన మనుషులున్నారని ఊరుకున్నాను. పరువు తీసేటప్పుడు మనుషులు అడ్డం రాలేదు గానీ తప్పు ఒప్పుకోవడానికి అడ్డం వచ్చారు. బిల్లు చించి ఇచ్చాను. ఆమె దాన్ని తిరగేసి, మొత్తం దగ్గర వేలు పెట్టి చూసుకుని, పైసలు కట్టడానికి పక్క కౌంటరుకు నడిచింది.