కోడి మీద కనబడని గోమారి

జమ్మికుంట దగ్గరి ఊళ్లో రామవ్వ కోళ్లు ఆకుపచ్చగా రెట్టలు పారుతూ, తలలు వేలాడేసి చస్తున్నాయి. రోజూ బర్రె పొదుగు మీది గోమార్లను ఏరే చెయ్యి ఆమెది.

"ఈకలన్నీ ఎత్తి చూసిన బిడ్డా, ఒక్క గోమారి లేదు," అంది, ఇది గోమారి కాటు రోగమన్న హెప్సిబాతో.

పశువుల దవాఖానాలో పనిచేసే హెప్సిబా కోళ్లకు సూదులిచ్చి బయటికి వదిలి, వాటి చెక్కగూడు దగ్గర కూర్చుంది. సందులో చీపురుపుల్ల పెట్టి గీరితే నెత్తురుతో ఉబ్బిన పురుగులు బిలబిలా రాలాయి.

"బర్రె గోమారి ఇల్లరికపు అల్లుని లెక్క. దినాలకొద్దీ పట్టుకొనే ఉంటది, రోగమెక్కియ్యనీకి గూడ దానికి జర టైం గావాలె. ఈ కోడి గోమారి దొంగ. రాత్రి వచ్చి, గంటలోపే తాగి, రోగమంటించి, మళ్ల సందుల పడుతది."

"అయితే గూడు ఓ నెల ఖాళీ పెడుత. ఆకలికి అవే సస్తయ్."

"ఏండ్లు పస్తుంటయ్ అవ్వా. సచ్చిన కోళ్ల జాగల కొత్తయి తెచ్చి గిండ్లనే పెట్టినవు గదా?"

రామవ్వ రాలిన పురుగులను చూసింది.

"అంటే నేను సాదింది గీ పురుగులనా," అని, గూడును పెంట మీదికి ఈడ్చి అగ్గిపుల్ల గీసింది.